ఇంటి దగ్గరే వైద్యం చేయించాం, క్లెయిమ్ తిరగ్గొట్టారు: ఎక్కడ తప్పింది, ఎలా సరిచేయాలి

మంచం మీద నుంచి కదపలేని పేషెంట్‌కి ఇంట్లోనే వైద్యం జరిగితే, ఆ ఖర్చును చాలా హెల్త్ పాలసీలు ఇస్తాయి. పాలసీ కాగితంలో దీని పేరు డొమిసిలియరీ హాస్పిటలైజేషన్. ఈ కవర్ ఉందని చాలామందికి తెలియదు. తెలిసి క్లెయిమ్ పెట్టినవాళ్లకు ఎక్కువగా వచ్చే జవాబు "పాలసీ షరతులకు లోబడి లేదు" అనే ఒక్క వాక్యం. ఆ వాక్యం వెనక అసలు కారణం ఏమిటో తెలిస్తే చాలా ఫైళ్లు మళ్లీ నిలబడతాయి. మా పెద్దమ్మ క్లెయిమ్ అలాగే ఒకసారి పడిపోయి, తర్వాత నిలబడింది. ఆ ఫైలు నేనే దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

సమస్య: "ఇంట్లో వైద్యం అవసరమని రుజువు కాలేదు" అని తిరస్కరించారు

పెద్దమ్మకు 74 ఏళ్లు. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలోనే ఉంది. ఊరు కోనసీమలో. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే గంటన్నర పైనే ప్రయాణం. ఒకరోజు అన్నం పొలమారి, రెండు రోజుల్లో జ్వరం, ఆయాసం మొదలయ్యాయి. పట్నం నుంచి వచ్చిన డాక్టర్ గారు న్యుమోనియా అన్నారు. ఆక్సిజన్ పెట్టి పడుకోబెడితే రక్తంలో ఆక్సిజన్ 91 శాతం ఉంటోంది, పక్కకు తిప్పితే 82కి పడిపోతోంది. బీపీ 90 మీద 56. ఆసుపత్రిలోని స్పెషలిస్టుతో ఫోన్‌లో మాట్లాడి, ఈ స్థితిలో అంత దూరం తీసుకెళ్లడం ప్రమాదమని, ఇక్కడే ఇంజెక్షన్లు మొదలుపెడదామని నిర్ణయించారు. ఏడు రోజులు వైద్యం జరిగింది. పెద్దమ్మ తేరుకుంది.

క్లెయిమ్‌తో పాటు మేము పెట్టిన సర్టిఫికెట్‌లో ఉన్నది ఇంతే: "పేషెంట్‌కి న్యుమోనియా, ఇంటి దగ్గర వైద్యం సలహా ఇచ్చాను." మాకు అది సరిపోతుందనిపించింది. కంపెనీకి సరిపోలేదు.

కారణం

మన దేశంలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, మామూలుగా అయితే ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బుకి ఇంట్లో వైద్యం జరగాలి. ఎందుకు ఇంట్లో జరిగిందనడానికి రెండే కారణాలు చెల్లుతాయి. ఒకటి, పేషెంట్ ఆసుపత్రికి తరలించే స్థితిలో లేకపోవడం. రెండు, ఆసుపత్రిలో గది దొరక్కపోవడం. "ఇంట్లో అయితే సౌకర్యం", "చూసుకునేవాళ్లు ఇక్కడే ఉన్నారు", "ముసలావిడను తిప్పడం ఎందుకు" అన్నవి ఎంత నిజమైనా ఈ రెండింటిలోకి రావు. వరద వచ్చి లంక ఊళ్లకు దారి తెగిపోవడం కూడా ఈ రెండింటిలో లేదు. అది నాకు అన్యాయంగానే తోస్తుంది, కానీ నిర్వచనం అలాగే ఉంది.

మా సర్టిఫికెట్ చదివిన అధికారికి జబ్బు కనిపించింది, వైద్యం కనిపించింది. పేషెంట్‌ని ఎందుకు తరలించలేకపోయారన్నది ఎక్కడా కనిపించలేదు. "సలహా ఇచ్చాను" అన్న మాట చదివితే, ఆసుపత్రి అవసరం లేని చిన్న జబ్బు కాబట్టి ఇంట్లో ఉంచారనే అర్థం వస్తుంది.

ఇంకో పొరపాటు కూడా మాదే. మూడో రోజు రక్త పరీక్షకు ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లాడు. బిల్లులో మాత్రం ఆ సంగతి లేదు. పేషెంట్ ల్యాబ్‌కి వెళ్లగలిగినప్పుడు ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదని అడిగారు. స్కానింగ్ సెంటర్ బిల్లు, ఓపీ చీటీ, బయట క్లినిక్‌లో డ్రెస్సింగ్ రసీదు లాంటివి ఫైల్లో ఏది ఉన్నా ఇదే ప్రశ్న వస్తుంది.

పరిష్కారం

డాక్టర్ గారి దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఆయన తన కేస్ షీట్ తీసి చూస్తే అన్నీ అందులోనే ఉన్నాయి. రోజు, సమయం, బీపీ, ఆక్సిజన్, ఇచ్చిన మందు, స్పెషలిస్టుకు ఫోన్ చేసిన సంగతి అన్నీ రాసుకున్నారు. మేమే ఆ కాగితాలు అడగలేదు. వాటి ఆధారంగా ఆయన రెండో సర్టిఫికెట్ రాశారు. అందులో నాలుగు విషయాలు స్పష్టంగా వచ్చాయి: ఈ జబ్బుకి మామూలుగా ఆసుపత్రిలో చేర్చాల్సిందే, ఫలానా తేదీన పేషెంట్ తరలించే స్థితిలో లేదు, దానికి ఆధారం ఈ అంకెలు, కదిపితే రాగల ప్రమాదం ఇది. కింద సంతకం, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్.

సర్టిఫికెట్‌లో పాలసీ వాడిన మాటనే వాడమని అడగండి. ఇంగ్లీషులో రాస్తే "నాట్ ఇన్ ఎ కండిషన్ టు బి రిమూవ్డ్ టు ఎ హాస్పిటల్" అన్నదే ఆ మాట. దాని పక్కన అంకెలు లేకపోతే అది ఒట్టి మాటగానే మిగులుతుంది.

ఒకవేళ మీ ఇంట్లో వైద్యం ఇప్పుడే జరుగుతుంటే, ఈ పని అయిపోయాక చేయకండి. మొదటి రోజే రాయించుకోండి. డాక్టర్ వచ్చిన ప్రతిసారీ "ఈరోజు కూడా తరలించే స్థితి లేదు" లేదా "ఇప్పుడు తరలించవచ్చు" అని కేస్ షీట్‌లో ఒక వాక్యం రాయమని అడగండి. నర్సు రోజువారీ చార్ట్ ఉంచాలి. ల్యాబ్ బిల్లు మీద ఇంటి దగ్గర శాంపిల్ తీసినట్టు రాయించుకోవాలి. మేము ఆ ల్యాబ్ నుంచి తర్వాత ఒక ఉత్తరం తెచ్చి పెట్టాం. కంపెనీకి లేదా దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏకి మొదటి రోజే ఫోనో మెయిలో చేసి, ఆ రిఫరెన్స్ నంబర్ దాచుకోండి. వైద్యం మొదలైన 24 గంటల్లో చెప్పాలని చాలా పాలసీల్లో ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తరలించగలిగే పేషెంట్‌ని ఈ కవర్ ఉంది కదా అని ఇంట్లో ఉంచకండి. 108 పిలవమని డాక్టర్ అంటే పిలవాల్సిందే. ఈ నిర్ణయం డాక్టర్‌ది.

సమస్య: కాగితాలన్నీ ఉన్నా డాక్టర్ బిల్లు ఒప్పుకోలేదు

పల్లెల్లో ఇది చాలా ఎక్కువ. రాత్రి పదింటికి పిలిస్తే వచ్చేది ఆర్ఎంపీనే. సెలైన్ పెట్టేదీ, ఇంజెక్షన్ వేసేదీ ఆయనే. కానీ పాలసీలో డాక్టర్ అంటే మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన వ్యక్తి. ఆర్ఎంపీ రాసిన చీటీ మీద నడిచిన వైద్యం లెక్కలోకి రాదు. ఇంట్లోవాళ్లే డాక్టరై వైద్యం చేసినా చాలా పాలసీలు ఒప్పుకోవు.

జరిగిపోయిన రోజులకు దీన్ని సరిచేసే దారి లేదు. వెనక తేదీ వేసి ఎవరితోనైనా సంతకం పెట్టించుకుంటే అది మోసం కిందికి వస్తుంది, పాలసీయే పోవచ్చు. వైద్యం ఇంకా నడుస్తుంటే మాత్రం, అదే రోజు ఒక ఎంబీబీఎస్ డాక్టర్‌ని ఇంటికి రప్పించి చూపించండి. ఆయన చూసిన రోజు నుంచి, ఆయన రాసిన చీటీ ప్రకారం జరిగిన వైద్యానికి క్లెయిమ్ అడగవచ్చు.

సమస్య: "ఈ జబ్బుకి ఇంటి వైద్యం వర్తించదు" లేదా "మూడు రోజులు నిండలేదు"

చాలా పాలసీల్లో ఇంటి వైద్యం మూడు రోజులకు మించి జరగాలనే షరతు ఉంటుంది. దాంతో పాటు ఒక జబ్బుల జాబితా కూడా ఉంటుంది. ఆస్తమా, బ్రాంకైటిస్, బీపీ, షుగర్, మూర్ఛ, విరేచనాలు, జలుబు దగ్గు, ఫ్లూ, టాన్సిల్స్, కీళ్లవాతం, మానసిక జబ్బులు, కారణం తెలియని పది రోజుల లోపు జ్వరం లాంటివి అందులో కనిపిస్తాయి. వీటికి ఆసుపత్రిలో చేరితే డబ్బు ఇవ్వవచ్చు గానీ, ఇంట్లో వైద్యానికి ఇవ్వరు.

ఇక్కడ తరచూ జరిగేది ఏమిటంటే, మొదటి రోజు చీటీ మీద డాక్టర్ "జ్వరం, దగ్గు" అని రాస్తారు. పరీక్షలయ్యాక న్యుమోనియా అని తేలుతుంది. క్లెయిమ్ చూసేవాళ్లు మొదటి చీటీ పట్టుకుంటారు. అప్పుడు పరీక్షల రిపోర్టులతో పాటు, చివరికి తేలిన జబ్బు ఏమిటో డాక్టర్ రాసిన ముగింపు నోట్ జతచేసి మళ్లీ చూడమని అడగాలి. అసలు జబ్బే జాబితాలో ఉంటే మాత్రం క్లెయిమ్ రాదు.

తిరస్కరించిన ఉత్తరంలో ఏ క్లాజు కింద అన్నారో చూడండి. హోమ్ హెల్త్‌కేర్ అని ఇంకో కవర్ కొన్ని పాలసీల్లో ఉంటుంది. అది తరలించగలిగే పేషెంట్‌కి కూడా వర్తించవచ్చు. డొమిసిలియరీ కింద రానిది దాని కింద రావచ్చు.

సమస్య: డబ్బు వచ్చింది, కొంత కోత పడింది

పెద్దమ్మకు మొత్తం ఖర్చు 54,000 అయింది. డాక్టర్ ఆరుసార్లు వచ్చినందుకు 9,000, నర్సుకి 12,600, మందులు ఇంజెక్షన్లు 14,900, ఆక్సిజన్ మెషీన్ అద్దె 4,200, పరీక్షలు 4,300. ఇవి కలిపి 45,000. మిగతా 9,000లో ఆయాకి 5,600, డైపర్లు షీట్లు 2,000, మంచం అద్దె 1,400. పాలసీ మొత్తం 5 లక్షలు, అందులో ఇంటి వైద్యానికి పది శాతం, అంటే 50,000 పరిమితి. కంపెనీ 45,000 ఇచ్చింది. ఆయా ఖర్చు వైద్యం కాదు, సేవ. నర్సుకి సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఆ బిల్లు నిలబడింది. మీ నర్సు, ఆయా ఇద్దరి డబ్బూ ఒకే రసీదులో ఉంటే మొత్తం కొట్టేసే ప్రమాదం ఉంది, విడిగా రాయించుకోండి. వైద్యం ఆపాక రెండు వారాలు వాడిన మందులకు 3,800 అయింది. అది రాలేదు. ఆసుపత్రిలో చేరితే తర్వాతి ఖర్చు ఇచ్చే పాలసీలు కూడా ఇంటి వైద్యానికి దాన్ని మినహాయిస్తుంటాయి.

సమస్య: అన్నీ సరిచేసి పంపినా అదే జవాబు

ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా రాయండి. సర్టిఫికెట్‌లోని వాక్యం ఒకవైపు, పాలసీ నిర్వచనం ఒకవైపు పెట్టి, ఏ షరతు ఎలా నెరవేరిందో చూపండి. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, కంపెనీలోని క్లెయిమ్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా హెల్త్ క్లెయిమ్ తిరస్కరించకూడదు. ఆ సమీక్ష జరిగిందా అని ఉత్తరంలోనే అడగండి. మాకు ఈ దశలోనే డబ్బు వచ్చింది.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపల ఫిర్యాదు చేయాలి. కేస్ షీట్ కాపీ, నర్సు చార్ట్, రెండు సర్టిఫికెట్లూ, తిరస్కరణ ఉత్తరం జతచేయండి. మొదటి సర్టిఫికెట్ బలహీనంగా ఉందని దాన్ని దాచకండి. కంపెనీ దగ్గర అది ఎలాగూ ఉంది. రెండోది కేస్ షీట్‌ని చూసి రాసిందని డాక్టర్ ఒక వాక్యం చేరిస్తే, ఎందుకు మారిందన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది.