సాఫ్ట్‌వేర్‌కు ముందు సంభాషణ – మూడో పాఠం: "పోయినసారి ఏం జరిగింది?"

సాఫ్ట్‌వేర్ చేసే ముందు ఎవరిని కలిసి మాట్లాడాలో గత పాఠంలో తేల్చుకున్నాం: ఒకే రకం వ్యాపారం చేసే ఆరుగురిని. వాళ్ల ముందు కూర్చున్నాక ఏం అడగాలో ఈ పాఠంలో చూద్దాం. ఉదాహరణకు దేవరకొండ వైపు విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక దుకాణం తీసుకుంటాను. ఉద్దెర లెక్కలు ఫోన్‌లో రాసుకుని, బాకీ ఉన్న రైతులకు గుర్తు చేస్తూ మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ చేయాలన్నది ఆలోచన.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను నేరుగా అడిగాను: "అన్నా, ఉద్దెర లెక్కలకు యాప్ చేస్తున్నా. మీకు పనికొస్తదా?"

"మంచిగుంది తమ్మీ, చెయ్. తప్పకుండా తీసుకుంటా."

రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేసి తీసుకెళ్తే, "ఈ సీజన్ పోనియ్, చూద్దాం" అన్నాడు. ఆయన నాతో అబద్ధమాడలేదు. ఎదురుగా కూర్చుని ఆశగా అడుగుతున్న పిల్లగాణ్ని వద్దని పంపడానికి ఎవరికైనా మనసొప్పదు. పైగా నేను అడిగింది ఇంకా జరగని సంగతి. జరగనిదాని గురించి ఎవరైనా మంచి మాటే చెప్తారు.

అందుకే ఇప్పుడు యాప్ పేరెత్తకుండా మొదలుపెడతాను. వెళ్లేది కూడా మధ్యాహ్నం రెండు దాటాక, గిరాకీ పలచబడ్డప్పుడు. మొదటి ప్రశ్న ఇది: "పోయిన వానాకాలం లెక్కల్లో ఆఖరుకు ఎవరి బాకీ తేల్చారు? ఆ రోజు ఏం జరిగింది?"

అడిగి ఊరుకోవాలి. ఆయన కాసేపు ఆలోచిస్తాడు. ఆ మౌనం భరించలేక మనమే "మెసేజ్ పెట్టారా?" అని అందించామంటే, ఇక ఆయన చెప్పేది మన మాటే. అదే దుకాణంలో ఇంకోసారి నేను నోరు మూసుకుని కూర్చుంటే, ఆయన పొడుగాటి పద్దుల పుస్తకం తీసి ఒక పేజీ నా వైపు తిప్పాడు. ఒక పురుగుమందు డబ్బా దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"పత్తి అమ్మినంక పైసలు తెచ్చిండు. ఎంత బాకీ ఉన్నదో ఆయనకు తెల్సు. గీ డబ్బా మాత్రం నేను తీస్కపోలే అన్నడు. కొడుకు తీస్కపోయిండని నేనన్న. గంటసేపు లొల్లి."

నా ఆలోచన అక్కడే తలకిందులైంది. రైతుకు బాకీ గుర్తుంది, పంట అమ్మగానే తెచ్చాడు కూడా. గుర్తు చేసే మెసేజ్‌తో ఇక్కడ పని లేదు. సరుకు ఎవరు పట్టుకెళ్లారన్నదే తగాదా. సబ్సిడీ ఎరువైతే వేలిముద్ర మెషీన్‌లో అమ్మకం ఎక్కుతుంది. పురుగుమందుకు ఆ మెషీన్ లేదు.

అప్పుడు వరసగా మూడు ప్రశ్నలు వేయాలి. "ఆఖరుకు ఏం చేశారు?" ఆ డబ్బా పైసలు వదిలేశాడు. "ఆ సీజన్‌లో ఇట్లాంటివి ఇంకెన్ని?" పుస్తకం తిప్పి ఏడు చూపించాడు. మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: "మళ్లీ ఇట్ల కాకుండా ఏమన్నా చేసి చూశారా?" ఏమీ చేయలేదంటే ఆ నొప్పి ఆయన భరించగలిగేదే, దానికి డబ్బు పెట్టడు. ఈయన మాత్రం కార్బన్ పేపర్ పెట్టి చీటీలు రాయించాడట. విత్తనాల రోజుల్లో రద్దీకి రాసే మనిషి చాలక పది రోజుల్లో మానేశాడు. దాంతో ఇంకో సంగతి తెలిసింది: ఏం చేసినా రద్దీలో క్షణాల్లో అయిపోవాలి. పేర్లు టైప్ చేయించే యాప్ కూడా ఆ చీటీల దారే పడుతుంది.

ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాసుకోండి. "లొల్లి" అన్న చోట "వివాద పరిష్కారం" అని రాస్తే, వారం తర్వాత చదివినప్పుడు మనకు నచ్చిన అర్థం తీసుకుంటాం.

జరిగిందాని గురించి ఎంత అడిగినా, రేపు కొంటాడా అన్నది తేలదు. అందుకు చివర్లో ఆయన నుంచి చిన్నదేదైనా అడగాలి: "ఆదివారం సాయంత్రం గంటసేపు కూర్చుని పది మంది పద్దులు నాతో ఎక్కిస్తారా?" రోజు, టైమ్ చెప్తే నిజంగా అవసరం ఉందని లెక్క. "ఫోన్ చెయ్ తమ్మీ" అంటే లేదనే రాసుకోండి.

ఒక్క దుకాణంతో నిర్ణయానికి రావద్దు. ఆరుగురిలో కనీసం నలుగురు మనం ఎత్తకుండానే ఈ తగాదా చెప్తే ముందుకు వెళ్తాను. ఒక్కరే చెప్తే అది ఆ దుకాణం ఇబ్బంది.

అభ్యాసం: ఈ వారం రెండు దుకాణాలకు వెళ్లండి. మాట్లాడిన సమయంలో మీరు ఎంతసేపు మాట్లాడారో, వాళ్లెంతసేపు మాట్లాడారో బయటికి రాగానే అంచనాగా రాయండి. మీ వాటా సగం దాటితే ఆ సంభాషణ పక్కన పెట్టి, మూడో దుకాణానికి వెళ్లండి.