కమిటీ ఉత్తరాలు, నాలుగో పాఠం: అటవీ హద్దు డిజిటల్ పటం, దాని సర్వే తేదీ అడగడం

కిందటి పాఠంలో గ్రామసభ తీర్మానం రాయడం నేర్చుకున్నాం. ఈసారి ఆ తీర్మానాన్ని జత చేసి ఫారెస్టు ఆఫీసుకు ఉత్తరం రాద్దాం. ఉదాహరణకు ఆనందపురం మండలంలో కొండవాలున్న ఒక ఊరు తీసుకుందాం. కొండ మొదట్లో జీడిమామిడి తోటలు, వాటిపైన రిజర్వు ఫారెస్టు ఉన్నాయి. బీటు ఆఫీసరు ఫోన్లో ఒక పటం తెరిచి, హద్దు గీత తోటల మధ్యలోంచి పోతోందని చూపించారు. ఊరివాళ్లకు తెలిసిన హద్దు రాళ్ల కుప్పలు మాత్రం ఆ గీతకు నలభై మీటర్లు పైన ఉన్నాయి. అటవీ హక్కుల కమిటీ ఇప్పుడేం అడగాలి?

చాలా కమిటీలు "మా ఊరి అటవీ హద్దు మ్యాపు ఇప్పించగలరు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటాయి. దానికి ఒక జిరాక్సు కాగితం వస్తుంది. అందులో గీత కనిపిస్తుందే గానీ ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి గీశారో ఉండదు. "సర్వే తేదీ తెలపండి" అని చేర్చినా సరిపోదు, ఎందుకంటే డిజిటల్ పటానికి ఒకటికి మించి తేదీలుంటాయి. ఈ పాఠంలో నిదానంగా చదవాల్సింది ఇదే.

మొదటిది నోటిఫికేషన్ తేదీ. రిజర్వు ఫారెస్టును ప్రకటించే ఉత్తర్వు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 15వ సెక్షన్ కింద వస్తుంది. అంతకుముందు ప్రకటించిన అడవులైతే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం 16వ సెక్షన్ కింద వచ్చి ఉంటాయి. హద్దు ఎక్కడ మొదలై ఏ దిక్కుగా ఎక్కడికి పోతుందో ఆ ఉత్తర్వులో మాటల్లో రాసి ఉంటుంది. హద్దుకు అసలు ఆధారం ఆ వర్ణనే. ఫోన్లో కనబడే గీత దానికి బొమ్మ మాత్రమే.

రెండోది నేల మీద కొలిచిన తేదీ. డీజీపీఎస్ అనే ఉపగ్రహ కొలత పరికరం పట్టుకుని హద్దు పిల్లరు పిల్లరుకూ నడిచి కొలిచారా, కొలిస్తే ఎప్పుడన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. మూడోది పాత కాగితపు పటాన్ని కంప్యూటర్లో గీతగా మార్చిన తేదీ. ఈ పని చేయడానికి ఎవరూ కొండెక్కనక్కర్లేదు. 1:50,000 స్కేలు పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద యాభై మీటర్లు. పెన్ను గీత మందం అర మిల్లీమీటరుంటే అదే పాతిక మీటర్లు. మన ఊళ్లో వచ్చిన నలభై మీటర్ల తేడా ఇలాంటి పటం నుంచే వచ్చి ఉండొచ్చు, అయితే అడగకుండా ఆ మాట అనకూడదు.

నాలుగోది ఫైలు తేదీ. ఫైలు జాబితాలో పేరు పక్కన "12 మార్చి" అని కనబడుతుంది, దాన్నే సర్వే తేదీ అనుకునేవాళ్లున్నారు. ఎవరైనా ఫైలు తెరిచి చిన్న మార్పు చేసి సేవ్ చేస్తే చాలు, ఆ తేదీ మారిపోతుంది. హద్దు కొలతకూ దానికీ సంబంధం లేదు. అందుకే ఉత్తరంలో తేదీలను విడివిడిగా అడగాలి.

ఇక ఫైలు రూపం. కేఎంఎల్ ఫైలు ఫోన్లో తేలిగ్గా తెరుచుకుంటుంది గానీ దాన్ని ఎవరైనా ఉపగ్రహ చిత్రం మీద వేలితో గీసి కూడా తయారు చేయొచ్చు. షేప్‌ఫైలు అడిగితే మేలు. ఇది ఒకే పేరుతో వచ్చే ఫైళ్ల గుంపు: `.shp`, `.shx`, `.dbf`, `.prj`. చివరి ఫైలు లేకుండా ఇస్తే గీత తాలూకు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఏ కొలమానంలో ఉన్నాయో తెలియదు. మన సర్వే పటాలు పాతవి ఎవరెస్టు కొలమానంలో ఉంటాయి, ఫోను డబ్ల్యూజీఎస్ 84 అనే కొలమానంలో చూపిస్తుంది. ఒకదాన్ని మరొకటిగా తెరిస్తే గీత మొత్తం ఒకే పక్కకు, వందల మీటర్లు కూడా జరగొచ్చు. అలా జరిగిందో లేదో తెలుసుకోవడానికి పటంలో చెరువు గట్టు, రోడ్డు మలుపు లాంటి కదలని గుర్తులు చూడాలి. అవన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం తప్పితే అది కొలమానం గొడవ. కొన్నిచోట్ల సరిపోయి తోటల దగ్గరే తప్పితే గీత గీయడంలోనో కొలవడంలోనో తేడా ఉన్నట్టు.

ఉత్తరం ఇలా ఉండాలి. ఖాళీల్లో మీ వివరాలు నింపండి.

తేదీ: ……
నుండి: అధ్యక్షులు, కార్యదర్శి, అటవీ హక్కుల కమిటీ, …… గ్రామం, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా.
గౌరవనీయులైన డివిజనల్ ఫారెస్టు ఆఫీసరు గారికి, విశాఖపట్నం.

విషయం: …… రిజర్వు ఫారెస్టు హద్దు డిజిటల్ పటం, సర్వే వివరాల ధ్రువీకరించిన నకళ్లు కోరుట గురించి.
సూచిక: 1. గ్రామసభ తీర్మానం నం. ……, తేదీ ……. 2. అటవీ హక్కుల నియమాలు 2008, నియమం 12(4).

ఆర్యా,
మా గ్రామంలో హక్కుల క్లెయిముల పరిశీలన కోసం ఈ కింది వాటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము.
1. మా గ్రామాన్ని ఆనుకుని ఉన్న హద్దు భాగం షేప్‌ఫైలు, `.prj` సహా అన్ని ఫైళ్లతో.
2. ఆ హద్దును నేల మీద సర్వే చేసి ఉంటే సర్వే తేదీ, వాడిన పరికరం, పిల్లర్ల అక్షాంశ రేఖాంశాల జాబితా.
3. పాత పటం నుంచి గీసినదైతే ఆ పటం పేరు, స్కేలు, సంవత్సరం, డిజిటల్‌గా మార్చిన తేదీ.
4. రిజర్వు ఫారెస్టు నోటిఫికేషన్, హద్దుల వర్ణనతో.
నేల మీద సర్వే జరగకపోయినా, పై వాటిలో ఏదైనా తమ కార్యాలయంలో లేకపోయినా, ఆ విషయం రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా మనవి.
ఇట్లు, (సంతకాలు)
నకలు: ఆర్డీఓ గారికి, సబ్ డివిజన్ స్థాయి కమిటీ, భీమునిపట్నం.

12(4) ఎందుకు పెట్టామంటే, గ్రామసభ గానీ అటవీ హక్కుల కమిటీ గానీ రాతపూర్వకంగా కోరితే సంబంధిత అధికారులు రికార్డుల ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని ఆ నియమం చెబుతుంది. నకలు ఆర్డీఓకు పంపడానికీ కారణముంది. గ్రామసభకు అటవీ, రెవెన్యూ పటాలు అందించే బాధ్యతను 6వ నియమం సబ్ డివిజన్ స్థాయి కమిటీ మీద పెట్టింది. చివరి వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలో వదలొద్దు. "సర్వే జరగలేదు" అనే జవాబు కూడా మనకు పనికొచ్చే కాగితమే.

ఉత్తరంలో ఆక్రమణ, అన్యాయం లాంటి మాటలు, తోటల తగాదా ఏమీ రాయకండి. అవి చేరిస్తే జవాబు వాదం మీదికి మళ్లుతుంది, అడిగిన ఫైలు వెనకబడుతుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాన్ని తపాలు సెక్షన్లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి.

జవాబు రాకపోతే ఇవే నాలుగు అంశాలతో సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు. దానికి ముప్పై రోజుల గడువుంది, డివిజన్ ఆఫీసులో రుసుం పది రూపాయలు. ఆ చట్టం పౌరులకు హక్కునిస్తుంది కాబట్టి దరఖాస్తు కమిటీ పేరుతో కాకుండా ఒక సభ్యురాలు లేదా సభ్యుడు సొంత పేరుతో వేయాలి. కమిటీ పేరుతో వేస్తే ఆ ఒక్క కారణంతో తిప్పి పంపే వీలుంటుంది.

అభ్యాసం: మీ ఊరి పేరుతో విషయం, సూచిక, నాలుగు అంశాలు చేత్తో రాయండి. ఆ తర్వాత రెండో అంశాన్నీ మూడో అంశాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే తేదీ రాసి రెండింటికీ జవాబు చెప్పేసే సందు కనిపిస్తే వాక్యం మార్చండి. వచ్చే పాఠంలో, ఆఫీసు నుంచి వచ్చిన షేప్‌ఫైలును క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పిల్లర్ల జాబితాతో సరిపోల్చుదాం.