జూనియర్ లాయర్ పోస్టుకు ఈమెయిల్, 3వ పాఠం: మధ్య పేరా

పోయిన పాఠంలో సబ్జెక్ట్ లైను, సంబోధన అయిపోయాయి. ఈసారి మధ్య పేరా. సీనియర్ గారు కోర్టు హాలు బయట నిలబడి, తమ కేసు పిలిచేలోపు ఫోన్లో చదివేది ఇదొక్కటే.

నా దగ్గరికి ఒకమ్మాయి తెచ్చిన చిత్తు ఇలా ఉంది:

"మూడు మూట్ కోర్టుల్లో పాల్గొన్నాను. పలు ఇంటర్న్‌షిప్‌లు చేశాను. బార్‌లో ఎన్‌రోల్ అయ్యాను."

ఇందులో అబద్ధం లేదు, చిక్కల్లా అదే. మూడు మూట్‌లు సిలబస్‌లోనే ఉంటాయి, లా చదివిన వాళ్లంతా చేసినవే. ఇంటర్న్‌షిప్ కూడా అంతే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు ఉండాలి. లెక్క చెబితే డిగ్రీ ఉందని ఇంకోసారి చెప్పినట్టే.

"మూట్‌లో ఏం వాదించావమ్మా?" అని అడిగాను. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఒకటి చెక్ బౌన్స్ కేసట. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో డిమాండ్ నోటీసు పంపాలి. ఆ గడువు దాటిందని నిందితుడి తరఫున వాదించింది. ఇంటర్న్‌షిప్‌లో ఒక ఇంజంక్షన్ పిటిషన్‌కు కౌంటర్ మొదటి చిత్తు రాసింది. ఇద్దరం కూర్చుని తిరగరాశాం:

"చెక్ బౌన్స్ మూట్‌లో నిందితుడి తరఫున నోటీసు గడువు మీద వాదించాను, మెమోరియల్‌లో ఆ భాగం నేనే రాశాను. సివిల్ ఆఫీసులో ఎనిమిది వారాలు ఇంటర్న్‌గా ఉండి స్థలం తగాదాలో ఇంజంక్షన్ కౌంటర్‌కు మొదటి చిత్తు, తేదీల పట్టిక తయారుచేశాను. గత నెలలో బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యాను, నంబరు సంతకం కింద ఉంది. ఏఐబీఈ రాశాను, ఫలితం రావాలి."

మొదట ఆ తగాదాలో పార్టీల పేర్లు కూడా రాసింది, కొట్టేయించాను. పాత ఆఫీసు క్లయింటు పేరు ఈమెయిల్‌లో పెట్టేవాళ్లు రేపు మా క్లయింటు పేరూ ఇలాగే రాస్తారని సీనియర్‌కు అనిపిస్తుంది. పని చెప్పండి, మనిషిని చెప్పొద్దు.

చివరి రెండు వాక్యాలు కలిపేయకండి. ఎన్‌రోల్‌మెంట్ వేరు, ఏఐబీఈ వేరు. ఎన్‌రోల్ అయిన రెండేళ్లలోపు ఏఐబీఈ పాసవ్వాలి. పాసయ్యాకే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ వస్తుంది. ఏ మెట్టు మీదున్నారో అదే రాయండి. దరఖాస్తు ఇంకా బార్ కౌన్సిల్‌లోనే ఉంటే సంతకం కింద "అడ్వకేట్" అని పెట్టకండి, ఎల్‌ఎల్‌బీ చాలు. ఇక్కడ తొందరపడ్డవాళ్లను నేను ఇంటర్వ్యూకే పిలవను.

ఈ వారం అభ్యాసం: మీ మూట్‌లలో ఒకదాన్ని తీసుకుని ఎవరి తరఫు, ఏ పాయింటు, మీరు సొంతంగా రాసింది ఎంత అన్నది రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో జతపరచాల్సిన కాగితాలు చూద్దాం.