పదాలవారీ అవకలనం తప్పు జవాబు ఇస్తే: సమస్య - పరిష్కారం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో సాయంత్రం వేళ బీఎస్సీ విద్యార్థులకు రియల్ అనాలిసిస్ చెబుతున్నప్పుడు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది: "సార్, శ్రేణి ఏకరూపంగా అభిసరిస్తోంది కదా, మరి పదాలవారీగా అవకలనం చేస్తే జవాబు ఎందుకు తప్పుతోంది?"

లక్షణం

మొదటి పదం u₁ = x/(1+x²) అనీ, n ≥ 2 అయినప్పుడు

uₙ = x/(1+nx²) − x/(1+(n−1)x²)

అనీ తీసుకుందాం. మధ్య పదాలన్నీ ఒకదానితో ఒకటి రద్దైపోతాయి కనుక, n పదాల పాక్షిక మొత్తం Sₙ(x) = x/(1+nx²) అవుతుంది. దీని గరిష్ఠ విలువ x = 1/√n వద్ద 1/(2√n); n = 100 అయితే అది 0.05 మాత్రమే. కాబట్టి Sₙ వాస్తవ సంఖ్యారేఖ అంతటా ఏకరూపంగా 0కు అభిసరిస్తుంది, శ్రేణి మొత్తం సున్నా ప్రమేయం, దాని అవకలజం ప్రతి చోటా 0.

ఇప్పుడు x = 0 వద్ద పదాలను విడివిడిగా అవకలనం చేయండి. u₁′(0) = 1, మిగిలిన ప్రతి పదానికీ uₙ′(0) = 1 − 1 = 0, కాబట్టి మొత్తం 1 వస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, అవకలజాల శ్రేణి అపసరించడం లేదు. అది చక్కగా అభిసరిస్తూనే తప్పు విలువను చూపిస్తోంది, అందుకే ఈ పొరపాటు లెక్కలో ఎక్కడా కంటికి ఆనదు.

కారణం

Sₙ′(x) = (1−nx²)/(1+nx²)². x సున్నా కానప్పుడు ఇది 0కు చేరుతుంది, x = 0 వద్ద మాత్రం ఎప్పుడూ 1. వక్రం ఎత్తు తగ్గుతూ వచ్చినా, మూలబిందువు దగ్గర దాని వాలు తగ్గడం లేదన్నమాట. x = 1/(2√n) వద్ద లెక్కిస్తే వాలు 0.75/1.5625, అంటే 0.48 వస్తుంది; n = 100కు x = 0.05 వద్ద, n = 10000కు x = 0.005 వద్ద అదే 0.48. n ఎంత పెంచినా 0కు మరింత దగ్గరగా అదే దోషం మిగులుతుంది కనుక, 0ను కలిగిన ఏ అంతరంలోనూ అవకలజాల అభిసరణం ఏకరూపం కాదు.

పరిష్కారం

ఏకరూప అభిసరణాన్ని పరీక్షించవలసింది అసలు శ్రేణిలో కాదు, అవకలజాల శ్రేణిలో. ఒక పరిమిత అంతరంలో అవకలజాల శ్రేణి ఏకరూపంగా అభిసరించి, అసలు శ్రేణి అందులో కనీసం ఒక బిందువు వద్ద అభిసరిస్తే, పదాలవారీ అవకలనం చెల్లుతుంది. మన ఉదాహరణలో a > 0 తీసుకుని |x| ≥ a వరకే పరిమితమైతే, |1−nx²| ≤ 1+nx² కాబట్టి |Sₙ′(x)| ≤ 1/(1+na²); ఈ హద్దులో x లేదు, అది 0కు పోతుంది, కనుక అక్కడ అవకలనం నిర్భయంగా చేయవచ్చు. x = 0 వద్ద మాత్రం ముందు మొత్తం కనుక్కుని, ఆ తర్వాతే అవకలనం చేయాలి.

అయితే ఈ షరతు పర్యాప్తమే కానీ ఆవశ్యకం కాదు. పాక్షిక మొత్తం ln(1+n²x²)/(2n) అయిన శ్రేణిని [−1, 1]లో చూడండి: దాని అవకలజం nx/(1+n²x²), x = 1/n వద్ద ఎప్పుడూ 1/2 కనుక ఏకరూప అభిసరణం లేదు, అయినా ప్రతి x వద్దా అవధి 0, సరైన జవాబూ అదే. కాబట్టి షరతు విఫలమైనంత మాత్రాన జవాబు తప్పని తేల్చకుండా, అనుమానం ఉన్న బిందువు వద్ద రెండు విలువలనూ విడిగా లెక్కించి పోల్చాలి.