ఏళ్ల తరబడి రాని డివిడెండ్ కోసం షేర్ రిజిస్ట్రార్‌కి ఉత్తరం ఎలా రాయాలంటే

మా మావయ్య గారు రాయగడలో టీచర్‌గా చేసి రిటైరయ్యాక పర్లాకిమిడి వచ్చేశారు. ఎప్పుడో 1994లో కొన్న ఒక కంపెనీ షేర్లు 200, కాగితం సర్టిఫికెట్లే, బీరువాలో ఉన్నాయి. డివిడెండ్ వారెంట్లు, అంటే డివిడెండ్ డబ్బుకి కంపెనీ పంపే చెక్కుల్లాంటివి, మాత్రం పాత క్వార్టర్ అడ్రసుకి వెళ్లి తిరిగెళ్లిపోయేవి. 2019 నుంచి ఒక్క రూపాయి అందలేదు.

ముందు టైం ఎంత ఉందో లెక్క చూసుకోండి. డివిడెండ్ ప్రకటించిన 30 రోజుల్లో ఎవరికైనా అందకపోతే, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ ఆ డబ్బుని అన్‌పెయిడ్ డివిడెండ్ అకౌంట్‌లో వెయ్యాలి, అక్కడ ఏడేళ్లు ఉంటుంది, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్వెస్టర్ల రక్షణ నిధి ఐఈపీఎఫ్‌కి పోతుంది. మావయ్య గారి కేసులో 2019 ఆగస్టు 20న షేరుకి 4 రూపాయలు ప్రకటించారు, అంటే 800. అన్‌పెయిడ్ అకౌంట్‌లోకి 2019 సెప్టెంబర్ 26 లోపు వెళ్లుంటుంది, కాబట్టి గడువు 2026 సెప్టెంబర్.

800 రూపాయలకి ఇంత హడావిడి ఎందుకంటారా, అసలు భయం షేర్ల గురించి. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు కూడా ఐఈపీఎఫ్‌కి పోతాయి. ఈ ఏడేళ్లలో ఏ ఒక్క ఏడాదిది తీసుకున్నా షేర్లు ఆగుతాయి. అందుకే ఉత్తరం ఇప్పుడే వెళ్లాల.

రిజిస్ట్రార్ అంటే కంపెనీ తరఫున షేర్ల లెక్కలు చూసే సంస్థ. సర్టిఫికెట్ మీద ఉన్న రిజిస్ట్రార్ అడ్రస్‌కి పంపెయ్యకండి, అంత పాత రిజిస్ట్రార్ ఇప్పుడు ఉన్నాడో లేడో. కంపెనీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల పేజీ చూస్తే ఇప్పటి రిజిస్ట్రార్ ఎవరో ఉంటుంది, అన్‌పెయిడ్ డివిడెండ్ లిస్ట్ కూడా అక్కడే పెడతారు, అందులో మీ పేరు, ఏ ఏడాదికి ఎంత అన్నది చూసి రాసుకోండి.

ఉత్తరం ఇంగ్లీషులో ఒక పేజీ చాలు. పైన ఫోలియో నంబర్, అంటే కంపెనీ రికార్డులో మీ షేర్ల ఖాతా నంబర్, సర్టిఫికెట్ మీద ఉన్నట్టే పేరు, షేర్ల సంఖ్య. కింద విషయం సూటిగా: "ఈ ఫోలియో మీద 2019 నుంచి 2025 వరకు డివిడెండ్లు నాకు అందలేదు, వారెంట్లు నా దగ్గర లేవు, తర్వాత ఎప్పుడైనా దొరికితే బ్యాంకులో వెయ్యను, బాకీ మొత్తం జతపరిచిన అకౌంట్‌కి జమ చేయగలరు." పాత వారెంట్లు మీ దగ్గరుంటే ఒరిజినల్సే జతచెయ్యండి, వాటి చెల్లుబాటు మూడు నెలలే కాబట్టి ఇంక దాచుకుని లాభం లేదు. ఏడాదివారీ మొత్తాలు చిన్న పట్టికగా రాస్తే అవతల గుమస్తాకి పని తేలిక.

కానీ ఉత్తరం ఒక్కటే పంపితే డబ్బు రాదు. 2024 ఏప్రిల్ 1 నుంచి కాగితం షేర్లకి కేవైసీ పూర్తయితేనే, అదీ బ్యాంక్ అకౌంట్‌కే డివిడెండ్ వేస్తారు. పాన్, అడ్రస్, ఫోన్, బ్యాంక్ వివరాలకి ఐఎస్ఆర్-1 ఫారం, నామినీకి ఎస్‌హెచ్-13, సంతకం మారితే ఐఎస్ఆర్-2. పాన్, ఆధార్ కాపీల మీద సంతకం పెట్టాలి, పేరు అచ్చైన కాన్సిల్డ్ చెక్కు పెట్టాలి. పాన్ ఆధార్‌తో లింక్ అయ్యిందో లేదో చూసుకోండి.

ఎక్కువగా ఆగిపోయేది సంతకం దగ్గరే. 1994లో మావయ్య గారు తెలుగులో ఇంటిపేరుతో సహా బారుగా సంతకం చేశారు, ఇప్పుడు చెయ్యి వణికి ఇంగ్లీషులో రెండు గీతలు గీస్తారు. ఇలాంటప్పుడు ఐఎస్ఆర్-2 పట్టుకుని మీ అకౌంట్ ఉన్న బ్రాంచికి వెళ్లాలి, మేనేజర్ సంతకం, బ్యాంక్ సీలు, మేనేజర్ పేరు, ఎంప్లాయీ కోడ్ అన్నీ పడాలి. కోడ్ గడి ఖాళీగా వదిలేస్తే ఫారం వెనక్కి వస్తుంది, కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోండి.

రెండోది బ్యాంక్. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. ANDB తో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉన్న పాత చెక్కు పెడితే పని జరగదు, UBIN కోడ్ ఉన్న కొత్త చెక్కు తీసుకోండి.

పేరు సంగతి మనవాళ్లందరికీ ఉన్నదే, సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా. ఇంత చిన్న తేడాకి రెండు పేర్లూ ఒకరివేనని ఉత్తరంలోనే ఒక వాక్యం రాసి, తేడా తెలిసే ఫోటో గుర్తింపు కార్డు కాపీ జతచేస్తే సరిపోతుంది. మొత్తం పేరే వేరేగా ఉంటే అది వేరే కథ.

అంతా ఒక సెట్టు జిరాక్స్ ఉంచుకుని స్పీడ్ పోస్ట్‌లో పంపండి, రసీదు పారెయ్యకండి. జవాబు రాకపోతే కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టండి, అయినా కదలకపోతే సెబీ వాళ్ల scores.sebi.gov.in లో కంప్లైంట్ వేసి స్పీడ్ పోస్ట్ రసీదు అప్‌లోడ్ చెయ్యండి, అక్కడ కంపెనీ 21 రోజుల్లో జవాబు చెప్పుకోవాలి.