ఒప్పందంలోని పొడవాటి వాక్యం అర్థం మారకుండా ఎలా విరగ్గొట్టానంటే (నా అనుభవం)

వాక్యం ఇది: “సరఫరాదారు సరుకు ఆలస్యం చేసినా లేదా నాసిరకం పంపినా, 15 రోజుల్లో సరిచేయకపోతే, కొనుగోలుదారు ఆర్డర్ రద్దు చేసుకోవచ్చు మరియు నష్టపరిహారం కోరవచ్చు, అయితే ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.” చిన్న వాక్యాలు చేస్తే చాలు, ఏదో ఒక షరతు జారిపోతోంది. కామాల దగ్గర, “మరియు” దగ్గర విరిచి చూశాను, కుదరలేదు.

పనిచేసింది ఇది. ముందు క్రియలు మాత్రమే బయటికి తీశాను: రద్దు చేసుకోవచ్చు, కోరవచ్చు, ఇవ్వాలి. తర్వాత ఒక్కో షరతు పక్కన అది ఏ క్రియకు వర్తిస్తుందో రాశాను. 15 రోజుల షరతు రెండు హక్కులకూ వర్తిస్తుంది, కానీ నోటీసు రద్దుకేనా, పరిహారానికి కూడానా అన్నది మూలంలోనే తేలలేదు! అది మనం తేల్చేయకూడదు, రాసినవాళ్లని అడగాలి. రెండింటికీ అన్నారు కాబట్టి ఇలా రాశాను:

“సరఫరాదారు సరుకు ఆలస్యం చేసినా లేదా నాసిరకం పంపినా, 15 రోజుల్లో సరిచేయకపోతే, రాతపూర్వక నోటీసు ఇచ్చిన తర్వాత కొనుగోలుదారు ఆర్డర్ రద్దు చేసుకోవచ్చు. అవే పరిస్థితుల్లో, అదే విధంగా నోటీసు ఇచ్చిన తర్వాత, నష్టపరిహారం కూడా కోరవచ్చు.”

చివరగా “ఆలస్యమైంది, 10వ రోజున సరిచేశారు” లాంటి ఊహా సందర్భాలు రెండు రూపాలకీ పెట్టి చూశాను, జవాబులు కలిశాయి. మినహాయింపు లోపల మినహాయింపు ఉండే క్లాజుల్లో ఇది సరిపోతుందని చెప్పలేను, పైగా సంతకాలైన ఒప్పందమైతే ఇరుపక్షాలూ ఒప్పుకున్న సవరణ లేకుండా ముట్టుకోవద్దు.