23 నిమిషాల ప్రోగ్ రాక్ పాటను ఎలా వినాలి?

ప్రోగ్రెసివ్ రాక్ కొత్తగా వినేవాళ్లను ఆపేసేవి రెండు: పాట పొడవు, అంతుచిక్కని తాళం. జెనిసిస్ బృందం 1972లో ‘ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్‌లో ఇచ్చిన ‘సప్పర్స్ రెడీ’లో రెండూ ఉన్నాయి. ఏడు భాగాలు, దాదాపు 23 నిమిషాలు. ఎల్పీ రికార్డుకు ఒక వైపు హాయిగా పట్టేది కూడా ఇంచుమించు అంతే. ఇంకా పొడిగిస్తే గాట్లు ఇరుకై శబ్దం తగ్గించాల్సి వస్తుంది.

ముందు తాళం. పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పెట్టుకుని, దెబ్బకో అక్షరం చొప్పున ‘తకిట తకధిమి’ అంటూ ఏడు లెక్కపెట్టండి. శాక్సోఫోన్ సోలో దాకా కుదురుతుంది. గిటార్ సోలో మొదలవగానే తప్పుతుంది, ఎందుకంటే అక్కడ పాట నాలుగుకు మారుతుంది.

తర్వాత ‘సప్పర్స్ రెడీ’ని ఆపకుండా ఒకసారి వినండి. లెక్క వద్దు. మొదటి భాగం వరస, రెండో భాగం వరస మాత్రం గుర్తుపెట్టుకోండి. చివర్లో ఆ రెండూ తిరిగొస్తాయి. అవి గుర్తుపట్టలేకపోతే ఆ ముగింపు ఒట్టి హోరులాగే వినిపిస్తుంది.

రెండోసారి, 15 నిమిషాలు దాటాక వచ్చే ‘అపోకలిప్స్ ఇన్ 9/8’ దగ్గర లెక్క మొదలుపెట్టండి: తకిట, తక, తకధిమి. మూడు, రెండు, నాలుగు కలిపి తొమ్మిది. ఇక్కడ చాలామంది జెనిసిస్ కీబోర్డు వాద్యకారుడు టోనీ బ్యాంక్స్ ఆర్గన్‌ను పట్టుకుని వెళ్లి దారి తప్పుతారు. ఆయన ఆ తొమ్మిదిని పట్టించుకోకుండా, దాని మీద అడ్డంగా వాయిస్తాడు. చెవి కింద అదే పనిగా తిరిగే బేస్ మీద పెట్టండి. ఆర్గన్ ఎటు పోయినా అది తొమ్మిదిలోనే ఉంటుంది. ఈ లాగులాటే ఆ భాగానికి ప్రాణం.

ఇలాంటి పాటలను అప్పటి రాక్ విమర్శకులు చాలామంది వెక్కిరించారు. ఎందుకంటే, వాళ్లకు రాక్ అంటే బ్లూస్, ఒంట్లో ఊపు, మూడు నిమిషాల సూటిదనం. బేసి తాళాలు వాళ్లకు సంగీత కళాశాల డాబుసరిగా కనిపించాయి. ఒకే కథ చుట్టూ అల్లే కాన్సెప్ట్ ఆల్బమ్‌లైతే మరీ ఎగతాళి. తమ ముందటి ఆల్బమ్ ‘ఆక్వాలంగ్’ను కాన్సెప్ట్ ఆల్బమ్ అన్నారని జెత్రో టల్ బృందం నాయకుడు ఇయాన్ ఆండర్సన్ 1972లో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ను ఆ ధోరణి మీద వ్యంగ్యంగానే చేశాడు. రెండు వైపులా ఒకే పాట, రాసింది ఎనిమిదేళ్ల పిల్లాడని ఒక కల్పన, అట్టగా 12 పేజీల ఉత్తుత్తి వార్తాపత్రిక.

వెక్కిరింత న్యాయమో కాదో తేల్చడానికి ఒక పరీక్ష: ఏదో ఒక భాగాన్ని దాటవేసి వినండి. ‘సప్పర్స్ రెడీ’లో మొదటి రెండు భాగాలు తీసేస్తే ముగింపు కూలిపోతుంది. ‘యెస్’ బృందం 1973లో నాలుగు వైపులకు నాలుగే పాటలతో తెచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’లో చాలాచోట్ల ఐదు నిమిషాలు కోసేసినా లోటు తెలియదు. అక్కడ విమర్శకుల మాటే నిజం. ఆ బృందం కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ కూడా ఆ ఆల్బమ్ నచ్చకే 1974లో బయటికి వచ్చేశాడు.